ఫిట్స్ వచ్చినోళ్ళ స్కాన్‌లో చిన్న రింగు కనిపిస్తే ఏం చేయాలి? న్యూరోసిస్టిసెర్కోసిస్ స్టెప్ బై స్టెప్

ఇది ఏరియా హాస్పిటళ్ళలో, చిన్న నర్సింగ్ హోముల్లో డ్యూటీ చేసే జూనియర్ డాక్టర్లని, మెడిసిన్ పీజీలని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు, అంటే బద్దెపురుగు పిల్ల మెదడులో చేరి సిస్టు కట్టడం, అని చెప్పి ఉంటే మీరూ చదవండి, కానీ మందులు మాత్రం సొంతంగా మొదలుపెట్టొద్దు, ఎందుకు వద్దంటున్నానో చదువుతుంటే మీకే అర్థమవుతుంది.

ఒక కేసు పెట్టుకుని మాట్లాడుకుందాం, మన దగ్గర ఎక్కువగా కనిపించే రకమే. 19 ఏళ్ళ డిగ్రీ అబ్బాయి, 52 కేజీలు. పొద్దున క్లాసులో కూర్చుని ఉండగా కుడి బొటనవేలు దానంతటదే కొట్టుకోవడం మొదలైంది, అక్కడి నుంచి చెయ్యంతా పాకింది, తర్వాత స్పృహ తప్పి ఒళ్ళంతా కొట్టుకుంది, రెండు నిమిషాల్లో ఆగింది. జ్వరం లేదు, బరువు తగ్గలేదు, ఇంతకుముందు ఎప్పుడూ ఇలా లేదు. వాళ్ళమ్మగారు చెప్పే మొదటి మాట, "మేం పంది మాంసం కాదు కదండీ, గుడ్డు కూడా తినం" అని.

ఆ మాట విని ఈ డయాగ్నసిస్ పక్కన పెట్టేశారంటే అక్కడే తప్పు జరుగుతుంది. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే వచ్చేది పేగులో బద్దెపురుగు, టీనియా సోలియం. మెదడు జబ్బుకి మూలం ఆ పురుగు కాదు, దాని గుడ్లు. పేగులో పురుగున్న మనిషి మలంలో ఆ గుడ్లు బయటికొస్తాయి, చేతులు సరిగ్గా కడుక్కోని వంటమనిషి ద్వారానో, నీళ్ళ ద్వారానో, పచ్చిగా తినే కూరగాయల ద్వారానో ఇంకొకరి నోట్లోకి వెళ్తాయి, పొట్టలో పొదిగి పిల్ల పురుగు రక్తంలో కలిసి కండల్లోకి, కంట్లోకి, మెదడులోకి చేరుతుంది. అంటే పూర్తి శాకాహారికి కూడా మెదడులో సిస్టు రావచ్చు, మన దగ్గర వస్తూనే ఉంటాయి కూడా. ఆ అమ్మగారికి ఇది నిదానంగా చెప్పండి, లేకపోతే "డాక్టర్‌కి ఏం తెలీదు" అనుకుని ఇంకో చోటికి వెళ్ళిపోతారు.

ఇంకో విషయం ముందే బుర్రలో పెట్టుకోవాలి, కింద చెప్పే మందుల లెక్కంతా దీని మీదే నడుస్తుంది. బతికున్న సిస్టు మెదడులో ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా ఉంటుంది, మన ఇమ్యూనిటీకి దొరక్కుండా తప్పించుకుంటుంది. అది చావడం మొదలుపెట్టినప్పుడే ఒంట్లో రక్షణ కణాలు దాన్ని గుర్తుపట్టి మీద పడతాయి, చుట్టూ వాపు వస్తుంది, ఫిట్స్ ఎక్కువగా అప్పుడే మొదలవుతాయి. ఇండియాలో పనిచేసి వెళ్ళిన బ్రిటిష్ సైనికుల్లో ఈ జబ్బు గురించి డిక్సన్, లిప్స్‌కమ్ అనే ఇద్దరు 1961లో 450 కేసులు రాశారు, వాళ్ళలో చాలామందికి పురుగు సోకిన కొన్నేళ్ళకి గానీ ఫిట్స్ మొదలవ్వలేదు. కాబట్టి పురుగుని చంపే మందు ఇస్తున్నామంటే ఆ వాపుని మనమే తెప్పిస్తున్నామని లెక్క. అది ఎప్పుడు తెప్పించాలి, ఎప్పుడు అసలు తెప్పించకూడదు అన్నదే ఈ ట్రీట్‌మెంట్‌లో మెయిన్ ప్రశ్న.

మొదటి పని ఫిట్స్ మందు, పురుగు మందు కాదు. షుగర్ చూడండి, ఇంకా కొట్టుకుంటుంటే ఆపండి, తర్వాత స్కాన్‌లో లేషన్ కనిపించిందంటే ఒక్క ఫిట్ వచ్చినా సరే ఫిట్స్ మందు మొదలుపెట్టేయాలి, రెండోది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మన అబ్బాయికి లెవెటిరాసిటమ్ 500 ఎంజీ పొద్దున, రాత్రి సరిపోతుంది. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా పనిచేస్తాయి, తక్కువ ధరకి దొరుకుతాయి, కానీ అవి లివర్ ఎంజైముల్ని పెంచి ఆల్బెండజోల్, ప్రాజిక్వాంటెల్ లెవెల్స్ తగ్గించేస్తాయి, వేరే దారి ఉన్నప్పుడు నేనైతే లెవెటిరాసిటమ్‌కే ఓటేస్తా. పెళ్ళీడు అమ్మాయిలకి వాల్ప్రోయేట్ వద్దు.

రెండోది స్కాన్, ఇక్కడ డబ్బు సంగతి కూడా ఆలోచించాలి కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ప్లెయిన్ సీటీ, కాంట్రాస్ట్ ఎంఆర్ఐ రెండూ ఉంటే మంచిది, ఎందుకంటే ఒకదానికి కనిపించేది ఇంకోదానికి సరిగ్గా కనిపించదు. కాల్షియం చుక్కలు సీటీలో తెల్లగా మెరుస్తాయి, మామూలు ఎంఆర్ఐలో అవి తప్పిపోవచ్చు, ఎస్‌డబ్ల్యూఐ అనే సీక్వెన్స్ పెడితే నల్లటి మచ్చలా దొరుకుతాయి. సిస్టు లోపలి పురుగు తల, అంటే స్కోలెక్స్, ఇంకా వెంట్రికిల్స్‌లోనో మెదడు అడుగునో దాక్కున్న సిస్టులు ఎంఆర్ఐలోనే బయటపడతాయి. ఎమర్జెన్సీలో ప్లెయిన్ సీటీ మాత్రమే తీసి "ఎడిమా ఉంది, ఇన్‌ఫార్క్ట్ అయ్యుండొచ్చు" అని రిపోర్ట్ వచ్చిన కుర్రాడికి కాంట్రాస్ట్ ఇచ్చి చూస్తే మధ్యలో చక్కగా రింగు తేలుతుంది. రిక్వెస్ట్ ఫారమ్ మీద ఊరికే "ఎంఆర్ఐ బ్రెయిన్" అని వదిలేయకుండా "ఫిట్స్, ఎన్‌సీసీ అనుమానం, కాంట్రాస్ట్‌తో, ఎస్‌డబ్ల్యూఐ కావాలి" అని రాయండి, ఎన్‌సీసీ అంటే న్యూరోసిస్టిసెర్కోసిసే.

మూడోది, ఫిల్మ్ మీరే లైట్ బాక్స్ మీద పెట్టుకుని సిస్టు ఏ స్టేజిలో ఉందో చూడటం. రిపోర్ట్ చివరి లైన్ చూసి మందు రాయకండి, స్టేజి తెలియకుండా మందు రాయలేం.

వెసిక్యులర్ స్టేజి అంటే బతికున్న సిస్టు. గుండ్రంగా, పల్చటి గోడతో, లోపల నీరు సీఎస్‌ఎఫ్ లాగే కనిపిస్తుంది, టీ1లో నల్లగా, టీ2లో తెల్లగా. ఆ నీళ్ళలో ఒక పక్కకి అతుక్కుని చిన్న చుక్క ఉంటుంది, అదే స్కోలెక్స్, అది కనిపించిందంటే డయాగ్నసిస్ దాదాపు ఖాయం. చుట్టూ వాపు ఉండదు, కాంట్రాస్ట్ పట్టదు, పట్టినా నామమాత్రమే. తర్వాతది కొల్లాయిడల్, పురుగు చావడం మొదలైంది, లోపలి నీరు చిక్కబడి ఫ్లెయిర్‌లో సీఎస్‌ఎఫ్ కన్నా తెల్లగా అవుతుంది, గోడ మందమై కాంట్రాస్ట్‌కి రింగులా మెరుస్తుంది, చుట్టూ వాపు బాగా ఉంటుంది. మన కుర్రాడిది ఇదే, ఎడమ పరైటల్ లోబ్‌లో, మోటార్ స్ట్రిప్ పక్కనే, 9 మిల్లీమీటర్ల రింగు, రింగు కన్నా వాపే ఎన్నో రెట్లు పెద్దది. కుడి బొటనవేలితో ఎందుకు మొదలైందో ఫిల్మ్ చూడగానే తెలిసిపోతుంది. మూడోది గ్రాన్యులర్ నాడ్యులర్, రింగు ముడుచుకుని గట్టి చుక్కలా అవుతుంది, ఇంకా కాంట్రాస్ట్ పడుతుంది, వాపు తగ్గుతూ ఉంటుంది. చివరిది కాల్సిఫైడ్, పురుగు చచ్చిపోయి సున్నం చుక్క మిగిలింది.

ఒకే మనిషిలో నాలుగు స్టేజీలూ ఒకేసారి ఉండొచ్చు. అందుకే ఎన్ని ఉన్నాయి, వాటిలో బతికున్నవి ఎన్ని, ఎక్కడున్నాయి, ఈ మూడూ కేస్ షీట్‌లో రాసుకోండి.

నాలుగోది, ఇది టీబీ కాదు కదా అని తేల్చుకోవడం. మన దేశంలో ఒక్క రింగు కనిపిస్తే ఈ రెండిటి మధ్యే కొట్లాట. వెల్లూరు సీఎంసీలో రాజశేఖర్, చాండీ 1990లలో పెట్టిన గుర్తులు ఇప్పటికీ పనికొస్తాయి: లేషన్ ఒక్కటే ఉండాలి, 20 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, మిడ్‌లైన్ పక్కకి జరగకూడదు, పేషెంట్‌కి ఫిట్స్ తప్ప తలలో ప్రెషర్ పెరిగిన లక్షణాలు గానీ రోజురోజుకీ పెరిగే చెయ్యీ కాలూ బలహీనత గానీ ఉండకూడదు, ఒంట్లో వేరే చోట యాక్టివ్ జబ్బు ఉండకూడదు. ఇవన్నీ కలిస్తే అది సిస్టిసెర్కస్ గ్రాన్యులోమా అని ధైర్యంగా ముందుకెళ్ళొచ్చు. టీబీ గడ్డ సాధారణంగా ఇంకా పెద్దదిగా, అంచులు వంకరటింకరగా, రెండు మూడు రింగులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే తీయండి, మెడలో గడ్డలు తడమండి, ఇంట్లో టీబీ ఎవరికైనా ఉందా అడగండి, హెచ్ఐవీ చూడండి. బ్లడ్ టెస్ట్ గురించి ఒక మాట, ఒక్కటే రింగు ఉన్నప్పుడు సీరాలజీ చాలాసార్లు నెగెటివ్ వస్తుంది, అది చూసి జబ్బు లేదనుకోవద్దు, మామూలు ఎలైజా మీద అసలే నమ్మకం వద్దు, చేయిస్తే ఈఐటీబీ బ్లాట్ చేయించాలి. తేలకపోతే "ఎందుకైనా మంచిది" అని ఏడాదిన్నర టీబీ మందులు మొదలుపెట్టేయడం కన్నా, పేషెంట్ బాగానే ఉంటే 8 నుంచి 12 వారాలకి ఇంకో స్కాన్ తీయడం మేలు, సిస్టిసెర్కస్ రింగు చిన్నదవుతూ ఉంటుంది, టీబీ గడ్డ మందు లేకుండా అలా తగ్గదు.

ఇక ఐదోది, ఆల్బెండజోల్ రాసే ముందు ఆగి చూసుకోవాల్సినవి. నా దృష్టిలో మొత్తం ట్రీట్‌మెంట్‌లో ఎక్కువగా వదిలేసేది ఈ స్టెప్పే.

కళ్ళు. కంటి డాక్టర్‌తో ఫండస్ చూపించకుండా పురుగు మందు ఇవ్వొద్దు. కంటి లోపల సిస్టు ఉండి అది చస్తే వచ్చే వాపుకి చూపే పోవచ్చు, కంటిలోనిది ఆపరేషన్ చేసి తీయాల్సిన వ్యవహారం. పాపిలెడిమా ఉందా అన్నది కూడా అదే చూపులో తెలిసిపోతుంది.

హైడ్రోకెఫలస్. వెంట్రికిల్స్ ఉబ్బి ఉంటే ముందు న్యూరోసర్జన్, ప్రెషర్ సంగతి తేలాకే పురుగు సంగతి.

లెక్కలేనన్ని సిస్టులు, మెదడంతా వాపు. సిస్టిసెర్కల్ ఎన్‌కెఫలైటిస్ అంటాం, పిల్లల్లో, వయసులో ఉన్న అమ్మాయిల్లో ఎక్కువ చూస్తాం. పేషెంట్ తలనొప్పి, వాంతులు, మగతతో వస్తుంది, స్కాన్ నిండా వాపుతో ఉన్న సిస్టులే. ఇక్కడ ఆల్బెండజోల్ ఇస్తే అన్నీ ఒక్కసారిగా చచ్చి మెదడు ఇంకా ఉబ్బుతుంది, ప్రాణం పోతుంది. వీళ్ళకి స్టెరాయిడ్, ఫిట్స్ మందు, ప్రెషర్ తగ్గించే ట్రీట్‌మెంట్, అంతే. పురుగు మందు వద్దు.

ఆడవాళ్ళయితే ప్రెగ్నెన్సీ టెస్ట్, ఉంటే ఆల్బెండజోల్ వాయిదా వేయొచ్చు, ముందు ఫిట్స్ కంట్రోల్ చేస్తే చాలు. స్టెరాయిడ్ చాలా రోజులు నడిచేలా ఉంటే షుగర్, దాక్కున్న టీబీ, స్ట్రాంగిలాయిడ్స్ కూడా చూసుకోవాలి.

ఇవన్నీ క్లియర్ అయ్యాక మందు. 2018లో అమెరికా వాళ్ళ ఐడీఎస్‌ఏ గైడ్‌లైన్ వచ్చింది, 2021లో డబ్ల్యూహెచ్‌ఓది వచ్చింది, రెండిటి దారీ దాదాపు ఒకటే. మన కుర్రాడిలాగ ఒకే ఒక్క రింగు ఉంటే ఆల్బెండజోల్ రోజుకి కేజీకి 15 ఎంజీ చొప్పున, రోజుకి 800 ఎంజీ దాటకుండా, 1 నుంచి 2 వారాలు. 52 కేజీలకి లెక్కేస్తే 780, కాబట్టి 400 ఎంజీ మాత్ర పొద్దున ఒకటి రాత్రి ఒకటి, 10 రోజులు. పరగడుపున కాదు, నెయ్యో నూనో ఉన్న భోజనంతో వేసుకోమనండి, కొవ్వు లేకపోతే ఈ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. ఇది చెప్పడం మర్చిపోతే మంచి డోసు రాసి కూడా ఉపయోగం ఉండదు.

బతికున్న సిస్టులు ఒకటి రెండు ఉంటే ఆల్బెండజోల్ ఒక్కటే 10 నుంచి 14 రోజులు, ఇక్కడ రోజుకి 1200 ఎంజీ దాకా వెళ్ళొచ్చు. రెండు దాటితే దానికి ప్రాజిక్వాంటెల్ కలపాలి, రోజుకి కేజీకి 50 ఎంజీ. పెరూలో గార్సియా బృందం 2014లో చేసిన ట్రయల్‌లో సిస్టులన్నీ పూర్తిగా పోయినవాళ్ళు ఒక్క ఆల్బెండజోల్‌తో 37 శాతం ఉంటే, రెండూ కలిపితే 64 శాతం. వెంట్రికిల్‌లో, మెదడు అడుగున సబ్‌అరాక్నాయిడ్‌లో ఉన్నవి వేరే కథ, వాటిని ఈ లెక్కతో ట్రీట్ చేయొద్దు, న్యూరో సెంటర్‌కి పంపండి. ఇక ఉన్నవన్నీ సున్నం చుక్కలే అయితే ఆల్బెండజోల్ అవసరం లేదు, చచ్చిన పురుగుని మళ్ళీ చంపేదేం లేదు, ఫిట్స్ మందు ఒక్కటే. ఏళ్ళ పాటు "ఇంకో కోర్సు, ఇంకో కోర్సు" అని ఆల్బెండజోల్ మింగుతూ వచ్చే పేషెంట్ల ఫైల్ చూస్తే బాధేస్తుంది, పాత సీటీలో ఒక్క తెల్ల చుక్క తప్ప ఏమీ ఉండదు.

స్టెరాయిడ్ గురించి. అది పురుగుని చంపదు, పురుగు చచ్చేటప్పుడు వచ్చే వాపుని అదుపులో పెడుతుంది. అందుకే పురుగు మందు కన్నా ముందు మొదలవ్వాలి, ఒక రోజు ముందైనా. ప్రెడ్నిసోలోన్ రోజుకి కేజీకి 1 ఎంజీ, లేదా డెక్సామెథాసోన్ రోజుకి కేజీకి 0.1 ఎంజీ, పురుగు మందు నడిచినన్ని రోజులూ ఇచ్చి తర్వాత మెల్లగా తగ్గించి ఆపాలి. మన అబ్బాయికి ప్రెడ్నిసోలోన్ 50 ఎంజీ పొద్దున టిఫిన్ తర్వాత, మర్నాటి నుంచి ఆల్బెండజోల్, రెండూ 10 రోజులు, ఆ తర్వాత వారం పది రోజుల్లో స్టెరాయిడ్ తగ్గింపు. కొందరు భయపడి ఆల్బెండజోల్ రాసి స్టెరాయిడ్ మానేస్తారు, కొందరు దానికి తిరగేసి తలనొప్పి తగ్గుతోంది కదా అని నెలల తరబడి స్టెరాయిడ్ నడిపిస్తారు, రెండూ వద్దు. డెక్సామెథాసోన్‌తో ప్రాజిక్వాంటెల్ లెవెల్ తగ్గుతుందని కూడా గుర్తుపెట్టుకోండి. సున్నం చుక్క చుట్టూ ఎప్పుడైనా వాపు వచ్చి ఫిట్ వస్తే చాలామంది స్టెరాయిడ్ ఇస్తారు గానీ రొటీన్‌గా ఇవ్వమని గైడ్‌లైన్ చెప్పట్లేదు, ఆపేశాక మళ్ళీ వాపు తిరిగొచ్చిన కేసులున్నాయి.

మందు మొదలుపెట్టిన మొదటి వారంలో తలనొప్పి, వాంతి, ఒక్కోసారి ఇంకో ఫిట్ రావచ్చు. ఇది ఇంటివాళ్ళకి ముందే చెప్పి ఉంచాలి, చెప్పకపోతే మందు పడట్లేదని వాళ్ళే అన్నీ ఆపేస్తారు. మన అబ్బాయికి నాలుగో రోజు తలనొప్పి వచ్చి, చెయ్యి కాసేపు అదిరిందనుకోండి. స్పృహ బాగుందా, చూపు మసకబారిందా, మగతగా ఉన్నాడా చూడండి. బాగుంటే నొప్పి మాత్ర, ఫిట్స్ మందు సరిగ్గా వేసుకుంటున్నాడా అని విచారణ, అవసరమైతే ఆ మందు డోసు పెంచడం, కోర్సు ఆపక్కర్లేదు. మగతగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, చూపు తగ్గినా ఆల్బెండజోల్ ఆపి అదే రోజు స్కాన్. కోర్సు 14 రోజులు దాటే పేషెంట్లకి లివర్ టెస్టులు, తెల్ల కణాల లెక్క వారం వారం చూడాలి, 10 రోజుల కోర్సుకి అంత హడావుడి లేదు.

6 నెలలకి ఎంఆర్ఐ మళ్ళీ తీయండి. రింగు పూర్తిగా పోయి, సీటీలో సున్నం చుక్క మిగలకుండా, ఈ 6 నెలల్లో ఫిట్స్ రాకుండా ఉంటే ఫిట్స్ మందు మెల్లగా తగ్గించి ఆపేయొచ్చు. చుక్క మిగిలినా, మధ్యలో ఫిట్స్ మళ్ళీ వచ్చినా, మొదట్లోనే రెండు కన్నా ఎక్కువ సార్లు వచ్చి ఉన్నా అంత తొందరగా ఆపకూడదు, కనీసం 2 ఏళ్ళు ఫిట్స్ లేకుండా గడిచాక ఆలోచిస్తాం. రింగు ఇంకా అలాగే ఉంటే రెండో కోర్సు రాసే ముందు డయాగ్నసిస్ మళ్ళీ మొదటి నుంచి చూడండి, పెరిగి ఉంటే అది సిస్టిసెర్కస్ కాకపోవచ్చు. మందు నడుస్తున్నన్నాళ్ళూ బండి నడపొద్దని, బావిలో చెరువులో ఈతకి దిగొద్దని, నిద్ర పాడుచేసుకోవద్దని కుర్రాడితోనే నేరుగా చెప్పండి, వాళ్ళమ్మగారితో కాదు.

ఇంకొకటి ఇంటి సంగతి. గుడ్లు ఎవరి నుంచో వచ్చాయి కదా, ఆ మనిషి ఇంట్లోనే ఉండొచ్చు, హాస్టల్ మెస్‌లో ఉండొచ్చు. ఇంట్లోవాళ్ళనీ వంట చేసేవాళ్ళనీ మలంలో తెల్లటి బద్దీ ముక్కలు పడుతున్నాయా అని అడగండి, మల పరీక్ష చేయించండి, ఒక్క శాంపిల్‌లో గుడ్లు దొరక్కపోవచ్చు కాబట్టి రెండు మూడు రోజులవి ఇవ్వమనండి. పురుగు దొరికితే ఆ మనిషికి నిక్లోసమైడ్ లేదా ప్రాజిక్వాంటెల్ ఒక్క డోసు, కానీ ప్రాజిక్వాంటెల్ ఇచ్చే ముందు ఆ మనిషికి కూడా ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, విపరీతమైన తలనొప్పులున్నాయా అని అడిగి తీరాలి, ప్రాజిక్వాంటెల్ మెదడుకి చేరుతుంది, అక్కడ ఎవరికీ తెలియని సిస్టు ఉంటే ఆ ఒక్క డోసుకే కదిలి ఫిట్స్ రావచ్చు. నిక్లోసమైడ్ పేగు దాటి రక్తంలోకి పెద్దగా వెళ్ళదు, అనుమానం ఉన్నచోట అదే వాడండి.